అధికారిక ఈమెయిల్‌లో కుదించిన మాటలు: ఏవి విడదీయాలి, ఏవి అలాగే ఉంచాలి

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి గారు మున్సిపల్ కమిషనర్‌కు పంపవలసిన ఈమెయిల్ తెలుగులో రాసి, “తప్పులు మాత్రం చూసిపెట్టమ్మా, మిగతాది కదపకు” అన్నారు. అందులో రావట్లేదు, రెణ్ణెల్లు, చేశా, ఇచ్చాం, ఏఈ వంటి కుదింపులు చాలా ఉన్నాయి. పైపైన దిద్దేటప్పుడు వీటిలో ఏవి పూర్తిగా రాయాలి?

జవాబు:

నేను పదేళ్లకు పైగా ప్రూఫులు దిద్దే పనిలో ఉన్నాను. ఇరుగుపొరుగు వారి ఉత్తరాలు, ఈమెయిళ్లు కూడా తరచుగా నా దగ్గరకు వస్తాయి. మొదట్లో నేను పొట్టిగా కనిపించిన ప్రతి మాటనూ సాగదీసేవాణ్ని. ‘విషయం’ను ‘విషయము’గా, ‘ఇచ్చాం’ను ‘ఇచ్చాము’గా, ‘దాన్ని’ని ‘దానిని’గా మార్చి, అదే మర్యాద అనుకునేవాణ్ని. విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు తన ఉత్తరాన్ని నా దిద్దుబాట్లతో చదువుకుని, “బాబూ, తప్పులేమీ లేవు గానీ ఇది నేను రాసినట్టు లేదు” అన్నారు. ఆ మాట విన్న తరువాతే, పొట్టిగా ఉండడానికీ అనధికారికంగా ఉండడానికీ సంబంధం లేదని నాకు అర్థమైంది.

తెలుగులో మాటలు రెండు రకాలుగా దగ్గరవుతాయి. ఒకటి సంధి. ‘రాదు’, ‘అని’ కలిసి ‘రాదని’ అవుతుంది, ‘ఖర్చు’, ‘అవుతోంది’ కలిసి ‘ఖర్చవుతోంది’ అవుతుంది. ఇది భాష నడక. ఎంత గంభీరమైన ఉత్తరంలోనైనా ఇది ఉంటుంది, విడదీస్తే వాక్యం ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది. ‘ఎందుకంటే’, ‘ఐదేళ్లు’, ‘ఏమైనా’ వంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి. రెండవది నోటి వేగానికి మాట మధ్యలో అచ్చు రాలిపోవడం. ‘తీసుకుని’ అనే మాట ‘తీస్కుని’ అవుతుంది, ‘తెలిసిన’ అనేది ‘తెల్సిన’ అవుతుంది, ‘రెండు నెలలు’ ‘రెణ్ణెల్లు’గా మారుతుంది. విన్నప్పుడు ఇవి సహజంగానే ఉంటాయి కానీ, కార్యాలయానికి పంపే కాగితం మీద మాత్రం మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయినట్టు కనిపిస్తాయి. కాబట్టి మొదటి రకాన్ని ముట్టుకోకండి, రెండవ రకాన్ని పూర్తి చేయండి. తొంభై పాళ్లు పని ఇక్కడే తీరిపోతుంది.

మీరు చెప్పిన ఉత్తరం ఇంచుమించు ఇలా ఉంటుందని అనుకుంటున్నాను:

“మా వీధిలో రెణ్ణెల్లుగా తాగునీళ్లు సరిగా రావట్లేదు. దీని గురించి జూన్ 4న ఏఈ గారికి ఫిర్యాదు ఇచ్చాం. వారంలో చూస్తామన్నారు కానీ, ఇంతవరకు ఏమీ చెయ్యలేదు. ట్యాంకర్ తెప్పించ్కోడానికి ఇంటికి నెలకు ఐదొందలు ఖర్చవుతోంది. మీరు వచ్చి చూస్తే సమస్య ఏంటో తెలుస్తది. ఫొటోలు జత చేశా.”

ఇందులో ‘రెణ్ణెల్లుగా’ను ‘రెండు నెలలుగా’ అనీ, ‘తెప్పించ్కోడానికి’ని ‘తెప్పించుకోవడానికి’ అనీ, ‘ఐదొందలు’ను ‘ఐదు వందల రూపాయలు’ లేదా ‘రూ. 500’ అనీ, ‘ఏంటో’ను ‘ఏమిటో’ అనీ మారుస్తాను. వీటిలో సందేహించడానికి ఏమీ లేదు. డబ్బు, కాలం చెప్పే మాటల దగ్గర మాత్రం నేను మరింత పట్టుదలగా ఉంటాను. చదివే అధికారి ఆ ఉత్తరంలో మొదట వెతికేవి ఎన్నాళ్లు, ఎంత అనేవే కాబట్టి, అవి కంటికి ఇట్టే తగిలేలా ఉండాలి.

‘రావట్లేదు’ దగ్గర కాస్త ఆగాలి. అది ‘రావటం లేదు’ నుంచి వచ్చింది. ‘రావటం’ అనేవారూ ఉన్నారు, ‘రావడం’ అనేవారూ ఉన్నారు, రెండూ ప్రామాణికమే. విడదీసేటప్పుడు మీకు అలవాటైన రూపం కాకుండా కార్యదర్శి గారు వాడే రూపం పెట్టండి. ఇదే ఉత్తరంలో ‘తెప్పించ్కోడానికి’ అని రాశారు కాబట్టి ఆయన నోట ‘డ’ ఉన్నట్టే లెక్క. అందువల్ల నేనైతే ‘రావడం లేదు’ అంటాను. మరో చోట ‘చెయ్యటం’, ‘ఇవ్వటం’ అని రాసి ఉంటే ‘రావటం లేదు’ అనేవాణ్ని. ఇక ‘చెయ్యలేదు’లో రాలిపోయింది ఏదీ లేదు. ‘చెయ్య’, ‘చేయ’ రెండూ రాతలో ఉన్నవే. ఉత్తరమంతా ఒకే తీరుగా ఉంటే చాలు.

‘ఇచ్చాం’ను నేను ‘ఇచ్చాము’గా మార్చను. పత్రికల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో ‘చేశాం’, ‘నిర్ణయించాం’ అనే రూపాలు ఎప్పుడో స్థిరపడ్డాయి. చివరి సున్నాలో ‘మేము’ అనే అర్థం చెక్కుచెదరకుండా ఉంది. పైగా అదే ఉత్తరంలోని ‘చూస్తామన్నారు’లో, అంటే పక్క మాటతో కలిసిన చోట, ఆ ‘మ’ తనంతట తానే బయటకు వస్తోంది. కార్యదర్శి గారు కొన్ని చోట్ల ‘ఇచ్చాము’ అనీ, కొన్ని చోట్ల ‘ఇచ్చాం’ అనీ రాసి ఉంటే, ఎక్కువసార్లు వాడినదానికి మిగతావి సరిచేయండి. నామవాచకాల సంగతి అంతకంటే స్పష్టం. ‘ప్రభుత్వం’, ‘విషయం’, ‘సంఘం’ అన్నవి నేటి రాతలో పూర్తి రూపాలే. వాటిని ‘ప్రభుత్వము’, ‘విషయము’ అని మారిస్తే ఉత్తరం మర్యాదగా కాకుండా పాతగా మారుతుంది. ఒకే వాక్యంలో ‘సంఘము’, ‘ఇచ్చాం’ పక్కపక్కన పడి రెండు కాలాల భాష కలిసినట్టు అవుతుంది.

‘చేశా’ విషయం వేరు. ఇక్కడ ‘నేను’ అని చెప్పే ‘ను’ పూర్తిగా రాలిపోయింది. కబుర్లలో, సందేశాల్లో చెల్లుతుంది గానీ, అధికారిక ఉత్తరంలో దీన్ని నేను ప్రతిసారీ విడదీస్తాను. మరీ ముఖ్యంగా ‘రుసుము కట్టా’ వంటి చోట్ల అది క్రియో కాదో ఒక క్షణం తడబాటు కలుగుతుంది, ‘కట్టాను’ అంటే ఆ ఇబ్బంది ఉండదు. అయితే మీ ఉత్తరంలో ‘చేశా’ను ‘చేశాను’ అని విడదీయగానే ఇంకొక లోపం బయటపడుతుంది. ఉత్తరమంతా ‘మా వీధి’, ‘ఇచ్చాం’ అంటూ సంఘం తరఫున నడిచి, చివరి వాక్యంలో మాత్రం ‘నేను’ అయింది. కుదించిన రూపంలో ఇది కంటికి ఆనలేదు. ఇక్కడ మీరే ‘చేశాం’ అని మార్చేయకుండా, “ఫొటోలు సంఘం తరఫున పంపుతున్నట్టా, మీ తరఫునా?” అని ఒక్క మాట అడగండి. ఎవరి పేరు మీద ఆధారాలు జతపడ్డాయన్నది రేపు కార్యాలయంలో ఎవరైనా అడగవచ్చు.

‘తెలుస్తది’ని కుదింపుగా లెక్కించవద్దు. అందులో ఏ అక్షరమూ రాలిపోలేదు, అది ఒక ప్రాంతపు పూర్తి రూపం. ‘వచ్చినయి’, ‘ఉన్నయి’ వంటివి కూడా అంతే. వాటిని తప్పుల జాబితాలో చేర్చి చెప్పకుండా మార్చడం రాసినవారి భాషను తప్పు పట్టడమే అవుతుందని నా అభిప్రాయం. ఉత్తరంలో మిగిలిన క్రియలన్నీ ‘ఖర్చవుతోంది’ తరహాలో ఉన్నాయి కాబట్టి, ‘తెలుస్తుంది’ అని పెడితే ఒకే తీరుగా ఉంటుందని పక్కన గమనికగా రాసి, నిర్ణయం ఆయనకే వదిలేస్తాను.

ఇక ‘ఏఈ’ వంటి హోదాల పొడి అక్షరాలు. నాకు బాగా తగిలిన దెబ్బ ఇక్కడే. కొన్నేళ్ల కిందట ఒక కాలనీ వారి ఉత్తరంలో ‘డీఈ గారికి’ అని ఉంటే, అంతకు ముందు నీటిపారుదల పనుల కాగితాలు చూసిన అలవాటుతో దాన్ని ‘డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్’ అని విడదీశాను. ఆ ఉత్తరం వెళ్లవలసింది విద్యుత్ పంపిణీ కార్యాలయానికి. అక్కడ డీఈ అంటే డివిజనల్ ఇంజినీర్. లేని హోదా పేరుతో వెళ్లిన ఆ ఉత్తరాన్ని అక్కడివారు పక్కన పెట్టారు, కాలనీ వారు మళ్లీ రాసుకోవలసి వచ్చింది. ‘డీఈ’ అనే వదిలేసి ఉంటే నేరుగా చేరేది. ఏఈ విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. ఇంజినీరింగ్ శాఖల్లో అసిస్టెంట్ ఇంజినీర్ ఉంటారు, అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ కూడా ఉంటారు. జనం మాటల్లో ఇద్దరూ ‘ఏఈ గారే’. అందువల్ల హోదాను మొదటిసారి వచ్చిన చోట పూర్తిగా రాయడం మంచిదే గానీ, అది ఫిర్యాదు రసీదు మీదో కార్యాలయం బోర్డు మీదో ఎలా ఉందో చూశాకే రాయండి. చూడడం కుదరకపోతే పొడి అక్షరాలనే ఉంచండి. మీ సంఘం పేరును కూడా రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నట్టే రాయండి, అక్కడ లేని మాటను విడదీసి చేర్చకండి.

రూ., కి.మీ., డా., నం. వంటివి రాతలో స్థిరపడిన సంక్షేపాలు, వాటితో పని లేదు. ‘ఫొటో’, ‘ఫోన్’ ఇంగ్లీషులో కుదింపులే అయినా తెలుగులో పూర్తి మాటలు. ‘ఇన్ఫో’, ‘డాక్స్’ వంటివి కనిపిస్తే మాత్రం ‘సమాచారం’, ‘పత్రాలు’ అని మార్చండి. అధికారి పంపిన సందేశాన్ని ఉత్తరంలో యథాతథంగా ఉటంకించి ఉంటే, అందులోని కుదింపులను అస్సలు దిద్దకండి, అది ఆధారం.

ఉత్తరం పొడవుగా ఉంటే కంటితో మాత్రమే చూస్తే కొన్ని జారిపోతాయి. నేను చివరగా వెతుకు పెట్టెలో ‘ట్లే’ అని కొట్టి ‘రావట్లేదు’, ‘కావట్లేదు’ వంటివి, ‘స్కు’, ‘స్కో’ అని కొట్టి ‘తీస్కుని’, ‘చేస్కోండి’ వంటివి పట్టుకుంటాను. ‘డెస్కు’, ‘స్కోరు’ కూడా వస్తాయి కాబట్టి అన్నింటినీ ఒకేసారి మార్చే మీట నొక్కకుండా ఒక్కొక్కటే చూడాలి. ‘చేశా’, ‘పంపా’ వంటివి ఇలా దొరకవు. వాటి కోసం ప్రతి వాక్యం చివరి మాటను మాత్రం కింది నుంచి పైకి చదువుకుంటూ వెళ్లండి. అర్థం వెంట పరుగెత్తకుండా ఉంటే రాలిపోయిన ‘ను’ వెంటనే కనిపిస్తుంది.