స్కాన్ పేజీలో ఒక్క మాట మారిస్తే పేరా సర్దడం

"తాతగారి పుస్తకం స్కాన్‌లో 'కోఠి' తీసి 'నాంపల్లి' పెట్టాలి. పెడితే లైను మార్జిన్ దాటిపోతోంది. పేరా అంతా మళ్ళీ టైప్ చేయాలా?"

అక్కర్లేదండీ. అక్షరాలను సాగదీయకండి, నొక్కకండి. పక్క లైన్లతో పోలిస్తే ఇట్టే దొరికిపోతుంది. మార్చాల్సింది మాటల మధ్య ఖాళీలే.

మీ లైనులో 6 మాటలు, 5 ఖాళీలు, ఒక్కొక్కటి 24 పిక్సెళ్లు అనుకుందాం. కొత్త మాట 90 పిక్సెళ్లు ఎక్కువ. మిగిలేది 30, అంటే ఖాళీకి 6. మాటలు అంటుకుపోతాయి. 300 డీపీఐ స్కాన్‌లో 12 కంటే తగ్గితే నాకైతే నచ్చదు. అందుకని 70 పిక్సెళ్ల చివరి మాటను కింది లైనుకు తోసేయండి. పైన 100 మిగులుతుంది, 4 ఖాళీలకు 25 చొప్పున. దాదాపు పాత లెక్కే! కింది లైనులో 30 చొప్పున 5 ఖాళీలుంటే 150. అందులో 70 పోగా 80, ఇప్పుడు 6 ఖాళీలకు 13 చొప్పున. కాస్త ఇరుకే కానీ చెల్లుతుంది, అక్కడితో ఆపేయండి. సరిపోకపోతే ఇంకో మాట దిగుతుంది. పేరా చివరి లైను ఎలాగూ పొట్టిగానే ఉంటుంది కాబట్టి మిగిలింది అక్కడ కలిసిపోతుంది.

అసలు చిక్కు ఒత్తులతో. 'ల్లి' కింది ఒత్తు చతురస్రంగా కత్తిరిస్తే తెగుతుంది, లేదా కింది లైను గుడి ముక్క వెంట వస్తుంది. జింప్‌లో ఫ్రీ సెలెక్ట్‌తో సిరా చుట్టూ గీసి కోయండి. ముందు పేజీ వంకర సరిచేయండి, లేకపోతే జరిపిన మాట మెట్టెక్కినట్టు కనిపిస్తుంది.