మెట్ల కింద మీటర్లు, మిద్దె మీద తాళం

"మాది తిరుపతిలో స్టిల్ట్ ప్లస్ నాలుగు అంతస్తుల చిన్న అపార్ట్‌మెంట్, 16 ఫ్లాట్లు, ఒకటే మెట్లదారి. ఫైర్ సేఫ్టీకి ఏమేం ఉండాలి? నాలుగు ఎక్స్‌టింగ్విషర్లు కొని పెడితే సరిపోతుందా? రెఫ్యూజ్ ఏరియా మాకూ కావాలా?"

సరిపోదండి. సిలిండర్లు కొనేముందు ఒకసారి కిందికి దిగి, కరెంటు మీటర్ల బోర్డు మొదటి మెట్టుకు ఎంత దూరంలో ఉందో చూడండి. అట్నించి పైదాకా ఎక్కి మిద్దె తలుపుకు తాళం ఉందేమో చూడండి. ఆ రెండూ చూస్తే మీ బిల్డింగు సంగతి ముప్పాతిక వంతు తెలిసిపోతుంది.

నేను రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీలో పదిహేనేళ్లు ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూశాను. కపిలతీర్థం దగ్గర మా అపార్ట్‌మెంట్ కూడా అచ్చం మీలాంటిదే. స్టిల్ట్‌లో మెట్ల కిందున్న మూలలోనే మీటర్లన్నీ ఉండేవి. ప్లైవుడ్ పలక మీద బిగించి, ముందు రేకు తలుపు పెట్టారు. ఆ తలుపుకు ఆనించినట్టే బండ్లు నిలిపేవాళ్లం. వాన పడినా తడవవని అందరికీ ఆ చోటే కావాలి. పలక కింద వాచ్‌మన్ పాత పరుపు, వినాయక చవితి ఫ్లెక్సీల చుట్టలు పడి ఉండేవి.

ఒక మే నెలలో వారం రోజులు మా మూడో అంతస్తులో లైట్లు ఉన్నట్టుండి డిమ్ముగా అయ్యేవి, మళ్లీ వెలిగేవి. ఒక ఫ్లాట్లో టీవీ, ఇంకో ఫ్లాట్లో ఫ్యాను కాలిపోయాయి. అందరం ఓల్టేజీ సమస్య అనుకున్నాం. ఫ్యాక్టరీలో అయితే ఆ మాట విన్న గంటలో ప్యానెల్ తెరిచి న్యూట్రల్ వైరు బిగువు చూసేవాణ్ణి. ఇంట్లో చూడలేదు. న్యూట్రల్ వదులైతే ఒక ఫేజ్‌లో ఓల్టేజీ పడిపోతుంది, ఇంకో ఫేజ్‌లో పెరుగుతుంది. లైట్లు ఆడటం, వస్తువులు కాలడం రెండూ అందుకే. వదులైన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి వైరు చివర బిగించే అల్యూమినియం లగ్గు ఇంకా వదులవుతుంది. ఎండాకాలం రాత్రి అన్ని ఫ్లాట్లలో ఏసీలు ఒకేసారి లాగేసరికి ఆ జాయింటు ఎర్రగా కాలుతుంది. చేప కుళ్లినట్టు, బేకలైట్ మాడినట్టు ఒక వాసన వస్తుంది. అది వాచ్‌మన్‌కు రెండ్రోజుల ముందే తగిలిందట. ఎలుక చచ్చిందనుకున్నాడు.

రాత్రి రెండు దాటాక కేక వినపడింది. "అన్నా, బోర్డు కాలతా ఉండాది, లేయండన్నా!" తలుపు తీశాను. మంట కనపడలేదు, కరెంటు లేదు, మెట్ల మీద నల్లటి పొగ గోడలా నిలబడి ఉంది. సెల్‌ఫోన్ లైటు మూరెడు దూరం కూడా పోలేదు. ప్లైవుడ్‌తో పాటు రెండు బండ్ల సీట్లు, ప్లాస్టిక్ అంటుకున్నాయి. పొగంతా వాటిదే.

పొగ ఎలా నిండిందో చెప్పాలి. మెట్ల గూడు పొయ్యి మీది గొట్టం లాంటిది. కింద మంట, పైన మూత. వేడి పొగ నేరుగా పైకి పోయి, దారి లేక పైనుంచి కిందికి నిండుకుంటూ వస్తుంది. అందుకే నాలుగో అంతస్తు వాళ్లకు ముందుగా, చిక్కగా తగిలింది. మెట్ల మలుపుల్లో ఉండాల్సిన కిటికీలను కోతులు వస్తున్నాయని మేమే గాజు పెట్టి మూసేశాం. మిద్దె తలుపుకు తాళం. ఎవరో పిల్లలు పైకెక్కి ట్యాంకు మూత తీస్తున్నారని ఆ తాళం వేసిందీ మేమే. చెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ కింద.

నాలుగో అంతస్తు అన్న పొగ చూసి కిందికి పోలేక పైకి పరుగెత్తాడు. తాళం తగిలి వెనక్కి తిరిగాడు. చీకట్లో మెట్లు లెక్క తప్పి మా ఫ్లాట్ ముందు పడ్డాడు. దగ్గు వినపడి కాళ్లు పట్టుకుని లోపలికి లాగాను. ఆయన ముక్కు, మూతి చుట్టూ మసి. రెండ్రోజులు ఆస్పత్రిలో ఉండి కోలుకున్నాడు. ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసపడతాడు.

మిగిలిన మేమంతా తలుపులు వేసి, కింద సందులో తడి తువ్వాళ్లు కుక్కి, రోడ్డు వైపు బాల్కనీల్లో నిలబడ్డాం. మెట్లలో పొగ నిండినప్పుడు చేయాల్సింది అదే. పొగ లేకపోతే వెంటనే దిగిపోవాలి. ఉంటే తలుపు తీసి ధైర్యం చేయకండి. 101కి ఫోన్ చేసి, ఏ అంతస్తు, ఏ వైపు బాల్కనీ అన్నది చెప్పండి. ఫైరింజన్ వచ్చింది కానీ మా సందు మొదట్లోనే ఆగిపోయింది. రెండు వైపులా కార్లు. అక్కడినుంచి గొట్టం లాక్కొచ్చారు. సొంత పార్కింగు ఉండి కూడా కారు సందులో పెట్టేవాళ్ల గురించి చెప్పడం మొదలుపెడితే ఈ జవాబు ముగియదు.

సిలిండర్లు మాకూ ఉన్నాయండి, రెండు. ఒకటి మీటర్ల బోర్డు పక్క గోడకే తగిలించి ఉంది. మంట దాని ముందు, అది మంట వెనక. సిలిండర్ ఎప్పుడూ మనం మంట దగ్గరికి పోయే దారిలో, మంటకు ముందే చేతికందాలి. రెండోది మొదటి అంతస్తులో ఉంది. వాచ్‌మన్ తెచ్చి పిన్ను లాగి నొక్కితే కొంచెం గాలి, గుప్పెడు పొడి వచ్చి ఆగిపోయింది. ముల్లు పచ్చరంగులోనే ఉంది. లోపల పొడి ఏళ్ల తరబడి కదలక గడ్డకట్టింది. ముల్లు గాలి ఒత్తిడిని మాత్రమే చూపుతుంది, పొడి సంగతి దానికి తెలీదు. అందుకే నెలకోసారి సిలిండర్‌ను తలకిందులు చేసి చెవి దగ్గర పెట్టుకోండి, పొడి జారుతున్న చప్పుడు రావాలి. ఏటా వచ్చి తుడిచి, కొత్త తేదీ స్టిక్కర్ అంటించి డబ్బు తీసుకుపోయే మనిషిని నమ్మి మేం ఆ చప్పుడు ఎన్నడూ వినలేదు. సర్వీసుకు వచ్చినవాళ్లు మీ కళ్లముందే తూకం వేసి చూపకపోతే డబ్బు ఇవ్వకండి.

మీకైతే అంతస్తుకొకటి 6 కిలోల ఏబీసీ పౌడరు, మీటర్ల దగ్గరికి అదనంగా ఒక 4.5 కిలోల కార్బన్ డయాక్సైడ్ చాలు. ఐఎస్ఐ మార్కు, దాని కింద ఐఎస్ 15683 అన్న నంబరు చూసి తీసుకోండి. కార్బన్ డయాక్సైడ్ దానికి ముల్లుండదు. తూకమే పరీక్ష, లోపలి గ్యాసు పదో వంతు తగ్గితే మళ్లీ నింపించాలి. ఏదైనా సరే కొన్ని సెకన్లే వస్తుంది. పుట్టిన నిమిషంలో మంటను ఆర్పడానికే అది, అంటుకున్న బండిని ఆర్పడానికి కాదు. బోర్డు మీద నీళ్లు మాత్రం చల్లకండి.

ఇక మెట్ల వెడల్పు. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం అపార్ట్‌మెంట్ మెట్లు కనీసం 1.25 మీటర్లు ఉండాలి. బిల్డరు కాగితం మీద చూపించే వెడల్పును నమ్మకండి, టేపు పట్టండి. గోడ నుంచి రెయిలింగ్ లోపలి అంచుదాకా కొలవండి. మాది 1.1 మీటర్లు వచ్చింది. రెండో అంతస్తు మలుపులో చెప్పుల స్టాండు ఒక అడుగు తింటుంది, మిగిలింది 80 సెంటీమీటర్లు. ఒక మనిషి వరుసకు అర మీటరు లెక్క. 1.1లో ఇద్దరు పక్కపక్కన పడతారు, 80లో ఒక్కరే. మనం దిగుతుంటే గొట్టంతో ఎక్కే ఫైర్‌మన్ ఆగాలి. ఒక చెప్పుల స్టాండు ఒక మనిషి వరుసను మూసేసింది. ఆ ఇంటి అక్కతో చెబితే "ఇల్లంతా మట్టి అయితాదన్నా, యాడ పెట్టుకోమంటావు?" అంది. ఆమె బాధా నిజమే. లోపల తలుపు వెనక గోడకు బిగించే రాక్ నేనే తెచ్చి ఇచ్చాను.

తర్వాత మేం చేసినవి పెద్ద ఖర్చువి కావు. మీటర్లు జరపాలంటే కరెంటు వాళ్ల అనుమతి, కొత్త కేబులు అన్నీ కావాలి, కొన్నాళ్లు పడుతుంది. అందాకా ప్లైవుడ్ తీసి రేకు వేయించాం. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో లగ్గులన్నీ మార్పించాం, ఎండాకాలం ముందు ఏటా బిగిస్తున్నాం. బోర్డు ముందు రెండు మీటర్లదాకా నేల మీద పసుపు గీత గీసి, అందులో బండి పెట్టనివ్వం. చార్జింగ్ పెట్టే ఎలక్ట్రిక్ బండ్లను కాంపౌండు గోడ పక్కకు పంపాం. మలుపు కిటికీల గాజు తీసి గట్టి ఇనుప జాలీ వేశాం, కోతి రాదు, పొగ పోతుంది. మలుపు మలుపుకూ బ్యాటరీ లైటు పెట్టాం. మిద్దె తలుపుకు తాళం పోయి లోపలివైపు గడియ మాత్రమే ఉంది. ట్యాంకు మూతకే తాళం వేశాం. గడియతో దొంగలొస్తారని మీటింగులో గంట వాదన జరిగింది. పడిపోయిన అన్న లేచి నిలబడ్డాక ఎవరూ మాట్లాడలేదు.

రెఫ్యూజ్ ఏరియా అంటే మంటలప్పుడు జనం చేరి సాయం వచ్చేదాకా నిలబడే చోటు. ఆ నిబంధన 24 మీటర్లు దాటిన భవనాలకు. మీది 15 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అడగరు. మన రాష్ట్రంలో నివాస భవనం 18 మీటర్లు దాటితేనే అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ తప్పనిసరి, కాబట్టి మీ బిల్డింగును చూడటానికి ఎవరూ రారు కూడా. నా లెక్కలో ఎత్తు భవనాల వాళ్లకంటే మనకే ప్రమాదం ఎక్కువ. వాళ్లకు చూసేవాళ్లున్నారు, మనకు ఉన్నది ఒక్క మెట్లదారి. మనకు రెఫ్యూజ్ అంటే రోడ్డు వైపు బాల్కనీయే. ఆ బాల్కనీలకేమో మేమందరం నిలువునా గ్రిల్లు బిగించుకున్నాం. ఆ రాత్రి ఆ ఊచలు పట్టుకుని నిలబడినప్పుడు, నిచ్చెన వేసినా మమ్మల్ని బయటికి ఎలా తీస్తారా అని నేను ఆలోచించాను.

ఇప్పుడు ప్రతి గ్రిల్లులో మనిషి దూరేంత, రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు తలుపు కోయించాం. తాళంచెవి లోపలి గోడ మీద మేకుకు, బయటి చేతికి అందనంత దూరంలో ఉంటుంది. మా ఆవిడ ఒకటో తారీఖున ఆ తాళం తీసి, ఒక చుక్క మిషన్ ఆయిల్ వేసి, తలుపు పూర్తిగా తెరిచి చూసి మళ్లీ వేస్తుంది.