వరదలో పోయిన సరుకు విలువ తేల్చేది ఎలా?

ప్రశ్న: గోడౌన్‌లోకి వరద నీళ్లొచ్చి సరుకు పాడైంది. స్టాక్ రిజిస్టర్ కూడా పోయింది, బిల్లులు మాత్రం ఉన్నాయి. ఏడాది మొదట్లో స్టాక్ 12 లక్షలు. వరద రోజు వరకు కొన్నది 50 లక్షలు, అమ్మింది 60 లక్షలు. కొన్న ధర మీద 25 శాతం వేసుకుని అమ్ముతాను. ఈ ఏడాది 5 లక్షల పాత సరుకును మాత్రం 4 లక్షలకే వదిలించుకున్నాను. బీమా క్లెయిమ్‌లో నష్టం ఎంతని చూపించాలి?

జవాబు: రిజిస్టర్ లేకపోయినా స్థూల లాభం పద్ధతిలో లెక్క తేలుతుంది. మొదటి స్టాక్‌కి కొనుగోళ్లు కలిపి, అమ్మిన సరుకు అసలు ధర తీసేస్తే, వరద రోజున ఉండాల్సిన స్టాక్ వస్తుంది. ఆ అసలు ధర తేల్చడంలోనే చాలామంది పొరపడతారు.

మీ 25 శాతం కొన్న ధర మీద వేసుకున్నది. 100కి కొన్నది 125కి అమ్మితే, అమ్మకంలో లాభం 20 శాతమే. 60 లక్షల్లోంచి నేరుగా 25 శాతం తీసేస్తే అసలు ధర 45 లక్షలే అవుతుంది, మిగిలిన స్టాక్ 17 లక్షలని కనిపిస్తుంది. లేని సరుకుకు క్లెయిమ్ అడిగినట్టవుతుంది. సర్వేయర్ మీ పాత ఖాతాల్లోని లాభం శాతంతో పోల్చగానే ఇది బయటపడుతుంది. మీరే ముందుగా గత రెండు మూడేళ్ల ఖాతాలు తీసి, నిజంగా 20 శాతం మిగులుతోందో లేదో చూసుకోండి. డిస్కౌంట్లు ఎక్కువగా ఇస్తుంటే అంత మిగలదు. అప్పుడు ఖాతాల్లో ఉన్న శాతమే వాడాలి.

పాత సరుకుని ఈ లెక్కలో కలపకూడదు, దానిమీద లాభమే రాలేదు కదా. ఆ 4 లక్షలు పక్కన పెడితే మామూలు అమ్మకాలు 56 లక్షలు. 20 శాతం లాభం తీస్తే వాటి అసలు ధర 44.8 లక్షలు. పాత సరుకు అసలు ధర 5 లక్షలు కలిపితే 49.8 లక్షలు. మొత్తం 62 లక్షల్లోంచి ఇది పోతే మిగిలేది 12.2 లక్షలు.

ఇది మీ వ్యాపారం మొత్తానికి ఉన్న స్టాక్, గోడౌన్‌ది ఒక్కటే కాదు. షాపులో తడవకుండా ఉన్న సరుకుని ఈరోజే లెక్కపెట్టి కొన్న ధరకి విలువ కట్టండి. వరద తర్వాత అమ్మినవీ కొన్నవీ సర్దుకోండి. అది 2.2 లక్షలు అనుకుంటే గోడౌన్‌లో ఉన్నది 10 లక్షలు. తడిసిన దాంట్లో అమ్ముకోగలిగింది లక్ష ఉంటే, నష్టం 9 లక్షలు. బిల్లు ఎక్కించినా వరద రోజుకి లోడు ఇంకా రాకపోతే, దాన్ని కొనుగోళ్లలోంచి తీసేయడం మరిచిపోకండి. అంకెలన్నీ పన్ను లేకుండా ఉండాలి.

పాలసీలో యావరేజ్ షరతు ఉందేమో కూడా చూడండి. గోడౌన్ స్టాక్ 10 లక్షలుండి బీమా 8 లక్షలకే చేసి ఉంటే, ఆ షరతు ప్రకారం 9 లక్షల నష్టానికి పదింట ఎనిమిది వంతులే, అంటే 7.2 లక్షలే వస్తుంది.