బేసిక్ మీద 10 శాతం ఇంక్రిమెంట్: మిగతా డబ్బు ఎటు పోయింది?

ప్రశ్న: సర్, నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ కంపెనీలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. 2013 నుంచి పీఎఫ్ ఉంది. ఏప్రిల్‌లో 10 శాతం హైక్ అన్నారు. చేతికి 54,200 వచ్చేది, కాబట్టి 5,420 పెరుగుతుందనుకున్నా. తీరా పెరిగింది 3,840. హెచ్ఆర్‌ని అడిగితే ‘బేసిక్ మీద 10 శాతం’ అంటున్నారు. పైగా పీఎఫ్ కటింగ్ కూడా పెంచేశారు. అది ఆపించుకోవచ్చా? (రెండు నెలల పేస్లిప్‌లు జత చేశాను.)

జవాబు: మీ రెండు స్లిప్‌లూ పక్కపక్కన పెట్టుకుని చూశానండీ. లెక్క తేడా ఏం లేదు, మీ డబ్బు ఎవరూ నొక్కేయలేదు. హెచ్ఆర్ వాళ్లు ఆ ‘బేసిక్ మీద’ అన్న రెండు మాటలూ ఏప్రిల్‌లోనే చెప్పి ఉంటే మీకు ఈ టెన్షన్ ఉండేది కాదు.

మార్చిలో మీ బేసిక్ 30,000. దానిలో 40 శాతం, అంటే 12,000 హెచ్ఆర్ఏ. స్పెషల్ అలవెన్స్ 14,400, కన్వేయన్స్ 1,600. మొత్తం గ్రాస్ 58,000. ఏప్రిల్‌లో బేసిక్ 33,000 అయింది. హెచ్ఆర్ఏ బేసిక్‌కి ముడిపడి ఉంది కాబట్టి ఎవరూ ముట్టుకోకుండానే 13,200కి వెళ్లింది. స్పెషల్, కన్వేయన్స్ మాత్రం శాతాలు కావు, రూపాయల్లో రాసిన అంకెలు, అందుకే ఉన్నచోటే ఉన్నాయి. గ్రాస్ 62,200, అంటే పెరిగింది 4,200. అందులోంచి పీఎఫ్‌కి అదనంగా 360 పోయింది (బేసిక్‌లో 12 శాతం, 3,600 కాస్తా 3,960 అయింది), ప్రొఫెషనల్ టాక్స్ అదే 200. మిగిలింది 3,840. మీరు 10 శాతాన్ని చేతికొచ్చే మొత్తం మీద వేసుకున్నారు, వాళ్లు అందులో ఒక ముక్క మీద వేశారు, అంతే.

ఇక మీరు ‘కటింగ్’ అంటున్న ఆ 360 సంగతి. మీ జీతంలోంచి 360 పోతే, కంపెనీ తన వాటాగా ఇంకో 360 కలుపుతుంది. స్లిప్‌లో మీ కటింగ్ ఒక్కటే కనపడుతుంది కాబట్టి ఈ రెండో సగం ఎవరికీ గుర్తుండదు. పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి, అక్కడ ఉంటుంది. ఉద్యోగి వాటా 3,960, యజమాని వాటా 2,710, పెన్షన్ 1,250. ఈ పెన్షన్ గడి చూసి చాలామంది నాకు మెసేజ్ పెడతారు, ‘జీతం పెరిగింది, ఇది మాత్రం కదల్లేదేంటి’ అని. కదలదు. పెన్షన్‌కి లెక్కేసేది 15,000 వరకే, దానిలో 8.33 శాతం అంటే 1,250, మీ బేసిక్ లక్ష అయినా అంతే. కాబట్టి కంపెనీ వైపు పెరిగిన 360 మొత్తం పీఎఫ్‌లోకే వెళ్లింది, అక్కడ పాత అంకె 2,350. (2014 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదటిసారి పీఎఫ్‌లో చేరి, చేరేనాటికే బేసిక్ 15,000 దాటినవాళ్లకి ఈ పెన్షన్ వాటా ఉండదు, యజమాని వాటా అంతా పీఎఫ్‌కే. మీరు 2013 నుంచి ఉన్నారు, ఆ గొడవ మీకు లేదు.) నెలకి రెండు వైపులా కలిపి 720, ఏడాదికి 8,640 ఎక్కువ జమ. 2024-25కి దీని మీద వడ్డీ 8.25 శాతం ఇచ్చారు.

పేస్లిప్‌లో ఎక్కడా కనపడనిది ఇంకొకటుంది, గ్రాట్యుటీ. 2025 నవంబర్‌లో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేదాకా దాని లెక్క చివరి నెల బేసిక్‌ని 15తో గుణించి, 26తో భాగించి, ఎన్నేళ్లు చేశారో అన్నిసార్లు వేయడం. పాత బేసిక్ మీద మీ ఆరేళ్లకి 1,03,846 వచ్చేది, కొత్తదాని మీద 1,14,231. చూడండి, ఈ ఏడాది పెరిగిన బేసిక్ వెనకటి ఆరేళ్లకీ వర్తించింది. ఆ లెక్కలో అదే డబ్బు స్పెషల్ అలవెన్స్‌లో కలిపి ఉంటే ఆ పదివేల పైచిలుకు పుట్టేది కాదు. అందుకే చేతికి కాస్త తక్కువొచ్చినా బేసిక్ పెరగడమే నాకిష్టం. ఇంటి ఈఎంఐతో సతమతమయ్యేవాళ్లు ఒప్పుకోరనుకోండి, వాళ్ల బాధ వాళ్లది.

అయితే అన్ని చోట్లా ఇలా సాఫీగా జరగదు. చాలా కంపెనీల్లో స్పెషల్ అలవెన్స్ అంటే మొత్తం సీటీసీలో మిగిలినదాన్ని సర్దే గడి. బేసిక్ 3,000 పెంచి, హెచ్ఆర్ఏ 1,200 పెరిగాక, చడీచప్పుడు లేకుండా స్పెషల్‌ని 14,400 నుంచి 11,900కి దించారనుకోండి. అప్పుడు గ్రాస్ పెరిగేది 1,700, పీఎఫ్ పోగా చేతికి 1,340. కాగితం మీద అది కూడా ‘బేసిక్ మీద 10 శాతమే’. మీ స్లిప్‌లో నేను మొదట వెతికింది ఆ గడినే, కదల్లేదు, బతికిపోయారు.

రెండో పొరపాటు నాకే జరిగింది. 2009లో నా బేసిక్ 14,000 నుంచి 15,400 చేశారు. హెచ్ఆర్ఏ 40 శాతం కాబట్టి 5,600 నుంచి 6,160 కావాలి, కానీ పేరోల్‌లో దాన్ని శాతంగా కాక మొత్తంగా టైప్ చేసి పెట్టారట, అలాగే 5,600 పడుతూ వచ్చింది. నెట్ పే పెరిగింది కదా అని నేనూ చూసుకోలేదు. ఐదు నెలల తర్వాత ఒక మిత్రుడి స్లిప్ పక్కన పెడితే బయటపడింది, 2,800 ఎరియర్స్ రాబట్టడానికి ఇంకో రెండు నెలలు తిరిగాను. నెట్ పే ఒక్కటే చూస్తే ఇలాంటివి దొరకవు, హెచ్ఆర్ఏని బేసిక్‌తో భాగించి 0.40 వస్తోందా అని చూడాలి. మీది వస్తోంది.

వచ్చే ఏడాది హైక్ మాట వచ్చినప్పుడు ‘ఎంత శాతం’ కంటే ముందు ‘దేని మీద’ అని అడగండి. మీ విషయంలో కంపెనీకి పెరిగిన ఖర్చు 4,200కి పీఎఫ్ 360 కలిపి 4,560. పాత ఖర్చు 61,600 మీద (గ్రాట్యుటీ పక్కన పెడితే) అది 7.4 శాతం. అంటే పక్క కంపెనీ మీ స్నేహితుడికి మొత్తం సీటీసీ మీద 8 శాతం ఇస్తే, అది మీ పదికంటే ఎక్కువే. ప్రభుత్వ ఉద్యోగులకీ ఈ తిరకాసు తప్పలేదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఫిట్‌మెంట్ 23 శాతం ప్రకటిస్తే ‘రివర్స్ పీఆర్సీ’ అని రోడ్డెక్కారు, ఎందుకంటే అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నారు, పైగా హెచ్ఆర్ఏ శాతాలు కోశారు.

పీఎఫ్ ఆపించుకోవడం గురించి అడిగారు కదా. చట్టం తప్పనిసరి చేసింది 15,000 వరకే, అంటే నెలకి 1,800. ఆపైన కట్టడం కంపెనీ పాలసీ, మీ ఒప్పుకోలు. కొన్ని కంపెనీలు చేరేటప్పుడే ఏది కావాలో అడుగుతాయి, మధ్యలో తగ్గించడానికి చాలావరకు ఒప్పుకోవు. ఒప్పుకున్నా సరే, ముందు ఒక్క మాట రాతపూర్వకంగా తీసుకోండి: మీ వాటా 1,800కి దిగితే కంపెనీ వాటా కూడా 3,960 నుంచి 1,800కి దిగుతుంది, ఆ తేడా 2,160ని స్పెషల్ అలవెన్స్‌లో వేస్తారా, లేక మిగిలిందని జేబులో వేసుకుంటారా అని. స్పెషల్‌లో వేయము అని అంటే మాత్రం పీఎఫ్ తగ్గించే ఫారం మీద సంతకం పెట్టకండి.