వారాంతం సాయంత్రాలే ఖాళీ ఉంటే నెలకు 4 వేలు ఎలా?

ప్రశ్న: సార్, నేను హైదరాబాద్ శివారులో బీటెక్ సెకండియర్ చదువుతున్నాను. హాస్టల్లో ఉంటాను. శని, ఆదివారాల్లో సాయంత్రం 5 నుంచి 8 గంటల వరకే ఖాళీ. ఇంట్లో అడగకుండా మెస్ ఖర్చులకు నెలకు 4 వేలు వస్తే చాలు. బండి లేదు. ఏం చేయొచ్చు?

జవాబు: మీ పరిస్థితికి బాగా సరిపోయేది ట్యూషన్. అది కూడా మ్యాథ్స్ ఒక్కటే, ఒకే అపార్ట్‌మెంట్లో, ముగ్గురు నలుగురు పిల్లలకు. మీ ఫ్రెండ్స్ కేటరింగ్‌కు వెళ్తుండొచ్చు. ముహూర్తాలున్నప్పుడు అందులో డబ్బు బాగానే ఉంటుంది కానీ మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా పని ఉండదు. పైగా రాత్రి భోజనాలు ముగిసేసరికి మీ హాస్టల్ గేటు మూసేస్తారు. డెలివరీ చేయడానికి బండి లేదు.

పిల్లల్ని 8, 9 తరగతుల నుంచే తీసుకోండి. పదో తరగతి వద్దు. పబ్లిక్ పరీక్షలంటే తల్లిదండ్రులు రోజూ చెప్పేవాళ్లనే కోరుకుంటారు. పరీక్షలు దగ్గరపడేకొద్దీ స్కూల్లోనే స్పెషల్ క్లాసులు పెట్టి మీ బ్యాచ్ పలచబడుతుంది. ఎనిమిదో తరగతిలో చేరిన పిల్లాడైతే, బాగా చెబితే రెండేళ్లు మీ దగ్గరే ఉంటాడు.

కరపత్రాలు పంచడం కంటే తెలిసినవాళ్ల ద్వారా వెళ్లడమే మేలు. కాలేజీ దగ్గర కాపురముంటున్న మీ ల్యాబ్ అసిస్టెంట్‌నో, మెస్ నడిపే ఆంటీనో అడగండి. ఒక్క ఇల్లు దొరికితే చాలు. ఆ తల్లి తమ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే మిగతా పిల్లలు వస్తారు. క్లాసు పెద్దవాళ్లెవరైనా ఉన్న ఇంట్లో, హాల్లోనే జరగాలి. ఈ మాట మొదటి రోజే చెప్పండి.

మొదటి క్లాసులో పాఠం చెప్పకుండా చిన్న లెక్కలు నాలుగైదు ఇవ్వండి. 2/3 + 3/4 ఎంత? −7 − (−3) ఎంత? 240లో 15 శాతం ఎంత? 3x − 5 = 16 అయితే x ఎంత? మొదటిదానికి 5/7 అని, రెండోదానికి −10 అని రాసే తొమ్మిదో తరగతి పిల్లలు చాలామంది కనిపిస్తారు. ఆ పిల్లాడికి ఆల్జీబ్రా రాకపోవడానికి కారణం ఆల్జీబ్రా కాదు, భిన్నాలు, మైనస్ గుర్తులు. ఆ కాగితాన్నే తల్లిదండ్రులకు చూపించి, ‘మొదటి నెల సగం సమయం వీటికి, సగం స్కూలు పాఠానికి’ అని చెప్పండి. ఎక్కడ తడబడుతున్నాడో కళ్లకు కట్టినట్టు కనిపిస్తే మీ మీద నమ్మకం కుదురుతుంది.

ఇక ఫీజు. చాలామంది స్టూడెంట్లు దెబ్బతినేది ఇక్కడే. నెలకింత అని మాట్లాడుకుంటే దసరా సెలవులున్న నెలలో పూర్తి ఫీజు ఇవ్వడానికి వాళ్లకు మనసొప్పదు, మీ మిడ్ పరీక్షలొచ్చి రెండు క్లాసులు పోతే అడగడానికి మీకు మొహమాటం. అందుకే నెల లెక్క కాకుండా 8 క్లాసుల లెక్క పెట్టుకోండి. క్లాసు గంటన్నర. 8 క్లాసులకు పిల్లాడికి 1,000 రూపాయలు, మొదటి క్లాసు రోజే. నలుగురుంటే 4,000. మీ ఏరియాలో రేటు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, ముందు ఇద్దరు తల్లిదండ్రుల్ని అడిగి తేల్చుకోండి. ఒక నోట్‌బుక్‌లో తేదీ, చెప్పిన పాఠం రాసి పెద్దవాళ్లతో సంతకం పెట్టించండి. ఎనిమిదో సంతకం పడగానే తర్వాతి ఫీజు. మీరు రాలేకపోయిన క్లాసు లెక్కలోకి రాదు. పిల్లాడు రాకపోతే మాత్రం వస్తుంది. ఇది ముందే చెప్పాలి.

కొన్నాళ్లకు ‘సైన్స్ హోంవర్క్ కూడా చూడు బాబూ’, ‘రేపు టెస్టుంది, బుధవారం ఒక్కసారి రా’ అని మొదలవుతుంది. ఒకసారి ఒప్పుకుంటే అలవాటైపోతుంది. ‘వారంలో కాలేజీ ఉంటుంది ఆంటీ, డౌట్లుంటే ఫొటో పంపమనండి’ అని మర్యాదగా చెప్పేయండి.

ఏప్రిల్ చివర్లో సెలవులిస్తే జూన్ మధ్య వరకు ఫీజు రాదు. ఫిబ్రవరి నుంచే నెలకు కొంత పక్కన పెట్టుకోండి.

ఒక హెచ్చరిక. ఇంటి నుంచే టైపింగ్ పని అంటూ ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేవాళ్లను నమ్మకండి. అంతకంటే ప్రమాదం, మీ బ్యాంకు ఖాతా వాడుకోనిస్తే కమీషన్ ఇస్తామనేవాళ్లు. సైబర్ మోసాల డబ్బు అలాంటి ఖాతాల్లోంచే పోతుంది, కేసు ఖాతాదారు మెడకు చుట్టుకుంటుంది. ఇప్పటికే ఇచ్చి ఉంటే బ్యాంకుకు చెప్పి, 1930కి ఫోన్ చేయండి.

మొదలుపెట్టడానికి స్కూళ్లు తెరిచే జూన్ మంచిది. అది దాటిపోయి ఉంటే ఎస్‌ఏ-1 మార్కులు చేతికొచ్చిన వారం చూసుకోండి. తల్లిదండ్రులు ట్యూషన్ కోసం వెతికేది అప్పుడే.