షెంజెన్‌లో అద్దె ఇల్లు, ఏజెంటుతో బేరం: 'బీ', 'మేయ్‌యౌ' వాడే పద్ధతి

షెంజెన్‌లో కొత్తగా దిగిన మనవాళ్ళు క్లాసులో నేర్చుకున్న చైనీస్‌తో హోటల్లో తిండి బానే తెచ్చుకుంటారు గానీ ఇల్లు వెతుక్కునే రోజు మాత్రం ఇరుక్కుపోతారు, ఎందుకంటే రెండు ఫ్లాట్లు చూశాక "ఇది దానికంటే ఇంత ఎక్కువ, అది దీనంత దూరం కాదు" అని చెప్పాలి, ఆ ముక్క తడబడిందంటే ఏజెంటు ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి ఒక నంబర్ కొట్టి చూపిస్తాడు, ఇక అదే రేటు. కాబట్టి ఇళ్ళ లెక్కతోనే చెప్తా.

రెండు ఫ్లాట్లు అనుకోండి. మీరిప్పుడు నిలబడి ఉన్నది నెలకి 3,700 యువాన్లు, 45 చదరపు మీటర్లు, మెట్రోకి దగ్గర. పొద్దున చూసింది 3,200, 35 మీటర్లు, మెట్రోకి దూరం. దగ్గరున్నదాన్ని 'జగ' అంటారు, దూరంగా ఉన్నదాన్ని 'నాగ'. ఖరీదు అంటే 'గుయ్'.

"ఇది దానికంటే ఖరీదు" అనాలంటే: జగ బీ నాగ గుయ్. మన 'కంటే' అవతలి వస్తువు తర్వాత వస్తుంది, వాళ్ళ 'బీ' దానికి ముందొస్తుంది, అంతే తేడా, మిగతా వరస మనదే. మధ్యలో 'ష్' (ఇంగ్లీషు ఈజ్ లాంటిది) పెట్టకండి, అక్కర్లేదు. ఇంకోటి, పిన్‌యిన్ స్పెల్లింగు చూసి నేను 'బీ' అని రాస్తున్నా గానీ నోట్లో అది మన 'ప'కే దగ్గర, మూడో టోన్‌లో అనండి.

అసలు చిక్కు ఎంత తేడా అని చెప్పే దగ్గర. మనం "దానికంటే చాలా ఖరీదు", "ఐదొందలు ఎక్కువ", "కొంచెం ఎక్కువ" అంటాం, అంటే ఎంత అనేది ముందు, గుణం తర్వాత. ఈ అలవాటుతోనే మనవాళ్ళు 'జగ బీ నాగ హెన్ గుయ్' అనేస్తారు, హెన్ అంటే చాలా కదా అని. బీ ఉన్న వాక్యంలో గుణానికి ముందు హెన్ గానీ, చాలా అనే అర్థమే ఉన్న ఫేయ్‌ఛాంగ్ గానీ, 'యౌదియెన్' (కొంచెం) గానీ రావు. ఎంత తేడా ఉన్నా అది గుణం తర్వాతే. చాలా ఖరీదు అంటే 'గుయ్ దువో ల', లేదా 'గుయ్ హెన్ దువో' (ఇక్కడ హెన్ తర్వాతకి వెళ్ళింది కాబట్టి తప్పు కాదు). కొంచెం అంటే 'గుయ్ యీదియెన్'. ఐదొందలు ఎక్కువ అంటే 'గుయ్ వూబాయ్ ఖ్వాయ్'. ముందు పెట్టదగ్గది 'గంగ్' లాంటిది, అదీ "అది ఖరీదే, ఇది ఇంకా ఖరీదు" అనే అర్థంలో.

ఇది మీకు తెలీకుండానే వచ్చు. కూరగాయల బజార్లో మొదటి వారమే అందరూ నేర్చుకునే మాట 'ఫియెన్‌యి యీదియెన్', కొంచెం తగ్గించు అని. ఫియెన్‌యి అంటే చవక, ఆ తర్వాత కొంచెం. అదే వరస. యీదియెన్ తీసేసి అక్కడ 'లియాంగ్‌బాయ్ ఖ్వాయ్' పెడితే రెండొందలు తగ్గించమని.

ఇప్పుడు ఏజెంటుతో: జగ బీ నాగ గుయ్ వూబాయ్ ఖ్వాయ్. ఆయన ఊరుకోడు, 'జగ బీ నాగ దా ష్ ఫింగ్‌మీ' అంటాడు, పది చదరపు మీటర్లు పెద్దది అని (దా అంటే పెద్ద, ష్ ఇక్కడ పది, టోన్ వేరు). చూడండి, డబ్బులైనా మీటర్లైనా వయసులో ఏళ్ళైనా ఒకే చోట కూర్చుంటాయి.

ఇక కాదు అనడం. "ఇది దానికంటే ఖరీదు కాదు" అని మనం కాదుని చివర పెడతాం కదా, అందుకని 'జగ బీ నాగ బూ గుయ్' అని వచ్చేస్తుంది నోటికి. అది తప్పు. చైనీస్ వాళ్ళు ఇక్కడ బీ తీసేసి దాని స్థానంలో 'మేయ్‌యౌ' పెడతారు: నాగ మేయ్‌యౌ జగ గుయ్, అది దీనంత ఖరీదు కాదు. మన 'అంత' లాంటి మాట కూడా వాళ్ళకుంది, గుణానికి ముందు వస్తుంది, పోల్చేది దగ్గరుంటే 'జమ', దూరంగా ఉంటే 'నామ'. జగ మేయ్‌యౌ నాగ నామ యువెన్, ఇది అంత దూరం కాదు. ఏజెంటు ఈ మాట పదిసార్లు అంటాడు.

మేయ్‌యౌతో ఒక గట్టి హద్దుంది. ఎంత తేడా అనేది దీనికి తగిలించలేం. 'నాగ మేయ్‌యౌ జగ గుయ్ వూబాయ్ ఖ్వాయ్' అనే వాక్యమే లేదు. తెలుగులో కూడా "అది దీనంత ఖరీదు ఐదొందలు కాదు" అనం కదా, ఇక్కడ మన చెవే సాయం చేస్తుంది. లెక్క చెప్పాలంటే మళ్ళీ బీకి వెళ్ళి గుణాన్ని తిరగేయాలి: నాగ బీ జగ ఫియెన్‌యి వూబాయ్ ఖ్వాయ్, అది దీనికంటే ఐదొందలు చవక. నేనైతే బేరంలో ఈ రూపమే వాడమంటా, మేయ్‌యౌ అంటే ఊరికే అంత కాదు అన్నట్టుంటుంది, అంకె చెవిన పడితేనే ఏజెంటు ఓనర్‌కి ఫోన్ చేస్తాడు.

చిన్న, పొట్టి లాంటి తక్కువ వైపు మాటలతో మేయ్‌యౌ వాడితే కొంచెం తేడాగా ఉంటుంది. 'మేయ్‌యౌ నాగ శియావ్', అంటే దానంత చిన్నది కాదు అన్నారంటే ఆ రెండోది చిన్నదని ముందే అనుకున్నట్టు. తెలుగులోనూ "వాడంత పొట్టి కాదు" అంటే వాడు పొట్టి అన్నట్టేగా.

'బూ బీ' అనేది కూడా వినబడుతుంది, ఇక్కడ జాగ్రత్త. 'జగ బూ బీ నాగ గుయ్' అని ఏజెంటు అంటే ఇది దానికంటే చవక అని హామీ కాదు, "దానికంటే ఎక్కువేం కాదు" అని మాత్రమే, సమానం కూడా కావచ్చు. మీరు ఖరీదు అన్నందుకు అడ్డం తిప్పడానికే ఎక్కువగా వాడతారు. మేయ్‌యౌ అంటే మాత్రం తక్కువ అనే. ఈ రెంటినీ ఒకటే అనుకుని ఆనందపడితే అగ్రిమెంట్ కాగితం మీద అంకె చూసి కంగుతినాల్సొస్తుంది.

రెట్లు చెప్పేటప్పుడు ఇంకో గోతి ఉంది. 'గుయ్ యీబేయ్' అంటే ఒక రెట్టు ఎక్కువ, అంటే 3,200 ఇల్లుతో పోలిస్తే 6,400. 'గుయ్ లియాంగ్‌బేయ్' అంటే లెక్క ప్రకారం రెండు రెట్లు ఎక్కువ, అసలు కలిపితే మూడింతలు, 9,600 అవుతుంది, కానీ మాటల్లో కొందరు రెండింతలకే వాడేస్తారు. 'ష్ నాగ ద లియాంగ్‌బేయ్' అంటే దానికి రెండింతలు, అనుమానం లేదు, ఇందులో బీ లేదు కాబట్టి ష్ కావాల్సిందే. రెట్లు వినబడితే 'దువోషావ్ ఛియెన్' అని ఎంతో అడిగేయండి.

ఆఫీసులో పనుల గురించి పోల్చాలన్నా ఇదే వరస, 'థా బీ వో జావ్ లాయ్ ష్ ఫెన్‌జోంగ్', అతను నాకంటే పది నిమిషాలు ముందొచ్చాడు, ఆ పది నిమిషాలు ఎక్కడున్నాయో చూశారుగా.