బాచుపల్లి ఫ్లాటా, బీరంగూడ ఇల్లా?

మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. మీ అత్త పక్కనే కూర్చుని "మళ్ళీ ఆ పాతింటి గోల మొదలెట్టకండి" అన్నట్టు చూస్తోంది. అందుకే రాస్తున్నాను.

బాచుపల్లిలో గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాటు 1,450 అడుగులు, బీరంగూడలో 120 గజాల్లో జీ ప్లస్ వన్ ఇల్లు, రెండూ కోటీ ఇరవై అన్నావు. క్లబ్‌హౌసూ, స్విమ్మింగ్ పూలూ తర్వాత. ముందు నీళ్ళ సంగతి తేల్చుకో. హైదరాబాద్ అటువైపు పెరిగినంత వేగంగా పైపులైను పెరగదు.

మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్క కడతారు. ఇంటికి నలుగురు చొప్పున ఆ కమ్యూనిటీలోని 400 ఫ్లాట్లకు రోజుకు 2,16,000 లీటర్లు కావాలి. ఏప్రిల్లో బోర్లు చేతులెత్తేస్తే పదివేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు ఇరవైకి పైగా రావాలి. ఫ్లష్‌లకి ఎస్టీపీలో శుద్ధి చేసిన మురుగు నీళ్ళు వాడితే కొంత తగ్గుతుంది. ట్యాంకర్ల ఖర్చంతా చివరికి మీమీదే పడుతుంది. మెయింటెనెన్సు అడుగుకి మూడున్నర అని చెప్పారుగా, అంటే నెలకి 5,075. అందులో ట్యాంకర్లు కలిశాయా, వేసవిలో విడిగా వసూలు చేస్తారా అని అడుగు. సేల్స్ వాళ్ళని కాదు, అసోసియేషన్ ట్రెజరర్ని. పోయిన ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ బిల్లులు చూపించమను. చూపించడానికి నీళ్ళు నమిలితే నీకు జవాబు దొరికినట్టే.

విడి ఇంట్లో లెక్క చిన్నదే. నలుగురికి 540 లీటర్లు, ఐదువేల ట్యాంకరు తొమ్మిది రోజులొస్తుంది. కానీ దాన్ని తెప్పించేది నువ్వే. మా పాతింటి బోరు ఎండిపోయిన ఏడాది పొద్దున్నే అయిదింటికి లేచి, డ్రైవరు ఫోను ఎత్తేదాకా గేటు దగ్గర నిలబడేవాణ్ణి. వచ్చాక సందులో బండి తిరగదు. వీధి చివరే ఆపి, రెండు పైపులు కలిపి లాక్కునేవాళ్ళం. అతుకు దగ్గర కారిన నీళ్ళకి పక్కింటాయన బకెట్ పెట్టుకునేవాడు, పాపం ఆయనకీ కరువే. నువ్వూ అమ్మాయీ ఎనిమిదింటికల్లా ఆఫీసులకి వెళ్ళిపోతారు. ఈ పని ఎవరు చేస్తారో ముందే అనుకోండి.

ఇంటి విషయంలో నేను నష్టపోయింది మాత్రం రోడ్డు దగ్గర. మేం కట్టినప్పుడు గేటుకి మూడు మెట్లు ఎక్కేవాళ్ళం. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్త సీసీ రోడ్డు పోశారు, కొన్నేళ్ళకి ఇంకోటి. చివరికి మెట్లు పోయి గేటు రోడ్డుకంటే కిందికి దిగింది. ఒక వానకి వీధి నీళ్ళన్నీ సంపులోకి వచ్చాయి. తెల్లారి కుళాయి తిప్పితే డ్రైనేజీ కంపు. బీరంగూడలో ఆ వీధికి వెళ్ళినప్పుడు నీకు చూపించే కొత్త ఇంటిని కాదు, పది పన్నెండేళ్ళ పాత ఇళ్ళ గేట్లు చూడు. గేటు ముందు ఇటుకలతో అడ్డు కట్టుకున్నా, కాంపౌండు గోడమీద మోకాలెత్తున మట్టి చార ఉన్నా, అక్కడ నీళ్ళు నిలుస్తాయని. మ్యాన్‌హోల్ ఉందా, సెప్టిక్ ట్యాంకేనా అన్నదీ కనుక్కో. చెరువు దగ్గరైతే, నిండినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూపే ఎఫ్‌టీఎల్ మ్యాపు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకు.

ఇక నేల. ఇల్లు కొంటే 120 గజాలూ నీవే. ఫ్లాటుకి వచ్చేది అవిభాజ్య వాటా, యూడీఎస్ అంటారే, అది. ఆ కమ్యూనిటీ స్థలం నాలుగెకరాలంటే 19,360 గజాలు. 400 ఫ్లాట్లకి పంచితే సగటున 48 గజాలు. సేల్ డీడ్‌లో నీ వాటా అంతకంటే బాగా తక్కువ రాసుంటే మిగతాది ఎవరి పేరున ఉంచుకున్నారో అడుగు. రెండో ఫేజు కోసం అట్టేపెట్టుకునే వాళ్ళుంటారు. 1,450 అన్నదాంట్లో కారిడార్లూ లిఫ్టులూ కలిసే ఉంటాయి. కార్పెట్ ఏరియా ఎంతో విడిగా రాయించుకో.

నన్నడిగితే మీ ఇద్దరి ఉద్యోగాలకీ ఫ్లాటే నయం. కాకపోతే కట్టుబడిలో ఉన్నది వద్దు. జనం దిగి కనీసం రెండు వేసవులు గడిచిన దాంట్లో రీసేల్ వెతుకు. జనం దిగొచ్చని ఇచ్చే ఓసీ వచ్చేసి ఉంటుంది కాబట్టి జీఎస్టీ అయిదు శాతం తప్పుతుంది, బ్యాంకు లోనుతో పాటు అద్దె కట్టే బాధా ఉండదు. బీరంగూడ ఇంటికి మంజీరా నీళ్ళ కనెక్షన్ ఉండి, పైన అద్దెకిచ్చి కింద అక్కా బావా వచ్చి ఉంటామంటే మాత్రం నా మాట మార్చుకుంటాను. పగలు ఇంట్లో మనిషి ఉంటే సగం తిప్పలు ఉండవు.

వచ్చే ఆదివారం సేల్ డీడ్ జిరాక్సులూ, పాత అమ్మకాలూ తాకట్టులూ చూపే ఈసీ పట్టుకుని రా. ముందు బీరంగూడ వెళ్దాం, వాన పడితే ఇంకా మంచిది.

మీ మామయ్య